ఊదారంగు తోరణం, చిలకపచ్చ గోడ

మా వదిన ఏడాది పాటు మా ఇంట్లో అడుగుపెట్టకపోవడానికి కారణం నేనే. ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, ఎందుకంటే చేసింది తెలిసి చేసింది కాదు. ఆమె తెచ్చిచ్చిన తోరణాన్ని బాత్రూం తలుపుకు కట్టాను, అంతే.

వదిన అంటే మా ఆయన అక్క. జగిత్యాలలో ఉంటుంది. మా అత్తమ్మకు ఉన్నది ఒక్క కొడుకు, ఒక్క బిడ్డ. పోయిన ఏడాదికి ముందటి ఏడాది పండక్కి వదిన ఒక తోరణం కొనుక్కొచ్చింది. నిండు ఊదారంగు. దానికి అద్దాలు, అద్దాల కింద ప్లాస్టిక్ ముత్యాలు, రెండు చివర్లా రెండు చిలుకలు. నాకు చూడగానే తలనొప్పి వచ్చింది కానీ నోరు మూసుకుని గుమ్మానికి కట్టాను. రెండు రోజులు ఓర్చుకుని, ఆమె జగిత్యాల బస్సెక్కాక విప్పేశాను. పారెయ్యలేదు, ఆ మాత్రం మర్యాద నాకూ ఉంది. ఇంట్లో ఖాళీగా మేకు ఉన్నది ఒక్క బాత్రూం తలుపు మీదే, దానికి తగిలించి మర్చిపోయాను.

పోయిన ఏడాది సద్దుల బతుకమ్మ నాడు వదిన వచ్చింది. ప్రయాణం చేసి వచ్చింది కదా, కాళ్లు కడుక్కోవడానికి పోయింది. కడుక్కోకుండానే తిరిగొచ్చింది. సంచి తీసుకుని గేటు బయటికి నడిచి, వచ్చిన ఆటోనే మళ్లీ ఎక్కింది. మా ఆయన వెనక పరిగెత్తాడు. అత్తమ్మ మాత్రం బాత్రూం దగ్గరికి వెళ్లి, తలుపు వైపు చూసి, నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత ఏడాదంతా ఫోన్లు నడిచాయి, రాకపోకలు లేవు. అత్తమ్మ మనిషి తగ్గిపోయింది. ఎవరి బిడ్డ వచ్చినా ఆ ఇంటి ముందు నుంచి పోవడం మానేసింది. ఈ ఏడాది బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాస అయిన తెల్లారి నుంచి రోజూ ఫోను పట్టుకుని బతిమాలింది. చివరికి వదిన ఒక మాట చెప్పింది. స్పీకర్ పెట్టి ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"అస్త తీయే. గడప దాక అచ్చి చూస్త. చూసినంక లోపలికి అచ్చుడో మర్రి ఎనుకకు పోవుడో అప్పుడు చెప్త."

అత్తమ్మ ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "ఇన్నవా బిడ్డా?"

"ఇన్న అత్తమ్మా."

"నా బిడ్డ గడప దాటాలె. ఎట్ల దాటిస్తవో నాకు తెల్వదు."

అంటే మొత్తం వ్యవహారం మా కోరుట్ల ఇంటి గుమ్మం మీదికి వచ్చిపడింది. అది మామూలు గుమ్మం అయితే నాకు ఇంత బాధ లేదు. రెండేళ్ల కింద మా ఆయన ముందు గోడకు రంగు వేయించాడు. దుకాణంలో వేలెడంత కాగితం మీద చూసి చిలకపచ్చ ఎంచుకున్నాడు. కాగితం మీద బాగానే ఉంది. గోడంత గోడకు పూసేసరికి వీధి మలుపు నుంచే మా ఇల్లు పిలిచినట్టు కనిపిస్తుంది. చిరునామా చెప్పడానికి మాత్రం చాలా సుఖం.

సద్దుల నాడు పొద్దున్నే అత్తమ్మ హుకుం జారీ చేసింది. ఎవరిచ్చింది ఏదీ వదలకూడదు, అన్నీ ముందరి దర్వాజకే కట్టాలి. మళ్లీ ఎవరూ అలగకూడదు. సరే అని మొదలుపెట్టాను. వయసులో ఉన్నప్పుడు అత్తమ్మ తన చేత్తో గుచ్చిన ఎర్రపూసల తోరణం. సిరిసిల్ల నుంచి మా అమ్మ పంపిన గుడ్డల తోరణం, మరమగ్గాల సాంచాల దగ్గర మిగిలిన ఏడు రంగుల ముక్కలతో కుట్టింది. మస్కట్ నుంచి వచ్చేటప్పుడు మా ఆయన తెచ్చిన లైట్ల తాడు, దానికి ఒక రిమోటు, రిమోటులో ఎనిమిది రకాల మిణుకులు. జగిత్యాల బజారు ప్లాస్టిక్ బంతి దండలు నాలుగు. అసలు బంతిపూల దండలు ఇంకో నాలుగు. మామిడాకులు. వీటన్నిటికీ నడుమ వదిన ఊదా తోరణం, చిలుకలతో సహా. కింద ముగ్గులో ఇంట్లో ఉన్న రంగులన్నీ నింపాను. బతుకమ్మలో పెట్టే గునుగు పూలకు అద్దగా మిగిలిన గులాబీ రంగు, నీలం రంగు కూడా వదల్లేదు.

అంతా అయ్యాక పాలాయన వచ్చాడు. సైకిలు ఆపి, కాలు కింద పెట్టి, పైనుంచి కిందికి చూశాడు.

"ఏంది చెల్లే, సెల్లుల దుకాణం తెరుస్తున్నరా?"

నేను పాలగిన్నె తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, అందుకే ఇంకా మండింది.

నిజానికి రంగుల విషయంలో నాకు కొంచెం పొగరు ఉంది. మా నాన్న సిరిసిల్లలో నూలుకు రంగులద్దే పని చేసేవాడు. ఆయన చేతులకు మోచేతుల దాకా ఏదో ఒక రంగు ఉండేది, పెళ్లిళ్లకు కూడా అట్లాగే వచ్చేవాడు. చీరకు రంగులు కుదరాలంటే తడి నూలు చిలపలన్నీ తెచ్చి వాకిట్లో ఎండలో పక్కపక్కన వేసేవాడు. పది అడుగులు వెనక్కి పోయి, కళ్లు సగం మూసి చూడమనేవాడు. అట్లా చూస్తే పూలూ గీతలూ మాయమై ఉత్త రంగులే మిగులుతాయి. వాటిలో ఏది ముందుగా మీదికి వస్తుందో అదే పెద్దది. "ఒక్క రంగు పెత్తనం జెయ్యాలె. ఇంకోటి దాని పక్కపొంటి ఉండాలె. మూడోది జెరంత అంచుల మెరిస్తె సాలు" అనేవాడు. ముగ్గురు పెత్తనం చేస్తే ఆ చీర దుకాణంలోనే ముసలిదైపోతుందని ఆయన లెక్క.

నేను రోడ్డు అవతలికి వెళ్లి కళ్లు సగం మూశాను. పెత్తనం చేసేవాళ్లు ఏడుగురు కనిపించారు.

వచ్చి స్టూలు ఎక్కాను. ముందు ప్లాస్టిక్ బంతి తీసేశాను. దానికి దిక్కెవరూ లేరు కాబట్టి గొడవ లేదు. తర్వాత లైట్ల తాడు మీద చెయ్యి వేశాను.

"అది ముట్టకు," అన్నాడు మా ఆయన, "మస్కట్ కెల్లి తెచ్చిన."

"తెచ్చినవ్ గని, గది బెదురుగొడ్లు ఉరికినట్టు ఉరుకుతున్నది. అక్క అచ్చి కండ్లు తిరిగి పడితె ఎట్ల?"

చాలాసేపు వాదించుకున్నాక ఒప్పందం కుదిరింది. లైట్లు దర్వాజ మీంచి పైన పిట్టగోడకు పోతాయి. మిణకవు, ఉరకవు, ఒక్క పసుపు రంగులో నిలకడగా వెలుగుతాయి. రిమోటు మాత్రం ఆయన జేబులోనే ఉంటుంది. మా అమ్మ పంపిన గుడ్డల తోరణం నేనే విప్పాను. నా వాళ్లది ముందు తీస్తేనే మిగతావాళ్లను అడిగే నోరు ఉంటుంది. అయినా విప్పేటప్పుడు కష్టంగా అనిపించింది, ఉన్నమాట చెప్తున్నాను. అది చూసి అత్తమ్మ తన పూసల తోరణం తనే తీసెయ్యమంది. "దేవుని అర్రకు కట్టు. బాత్రూముకు గాదు" అంది. ఆ రెండో మాట అవసరం లేదు, కానీ అంది.

ఇక మిగిలింది ఊదా తోరణం, బంతి దండలు, మామిడాకులు. మూడే కదా, ఇప్పుడు కుదురుతుంది అనుకుని మళ్లీ రోడ్డు అవతలికి పోయాను. కుదరలేదు. ఇంకా అరుస్తూనే ఉంది. బంతి దండలు, మామిడాకులు కూడా తీసేశాను. ఇప్పుడు ఊదా తోరణం ఒక్కటే, అయినా గోల తగ్గలేదు. అప్పుడు తట్టింది. కట్టినవన్నీ లెక్కపెట్టాను కానీ గోడను లెక్కపెట్టలేదు. ఈ కచేరీలో అందరికంటే గట్టిగా పాడుతున్నది ఆ చిలకపచ్చే. ఊదారంగు పక్కన అది నిలబడితే రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. నాన్న ఉంటే నా నెత్తిన ఒకటి మొట్టేవాడు.

గోడను విప్పలేము. మధ్యాహ్నంలోగా సున్నం వేయలేము. ఆ రెండు రంగులకు నడుమ ఊరుకునే రంగు ఒకటి కావాలి. బీరువాలో మా పుట్టింటి కోర బట్ట ఉంది, మగ్గం మీంచి దించినట్టే, చలవ చేయనిది. జానెడు వెడల్పున చించి దర్వాజ పైన పట్టీలాగా పరిచి, దాని మీద తోరణం కడితే రెండూ విడివడతాయి. బయటికి తెచ్చేసరికి అత్తమ్మ ఎదురొచ్చింది.

"పండుగ పూట దర్వాజకు తెల్లబట్ట కడ్తవా? అశుభం గాదా?"

"పసుపుల ముంచి కడ్త అత్తమ్మా. అప్పుడేమంటవ్?"

పసుపు అనగానే ఆమె మెత్తబడింది. గడపకు రాసేదీ అదే, కొత్తబట్టకు మూలల్లో పెట్టేదీ అదే. పైగా పలచని పసుపు ఇటు చిలకపచ్చతో పోట్లాడదు, అటు ఊదాను ఎత్తి చూపిస్తుంది. అద్దకం చేసేవాడి బిడ్డను కదా, ఇంత మంచి ఆలోచన వచ్చినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. కోర బట్టలో గంజి ఉంటుంది, గంజి పోకపోతే పసుపు పట్టదు. ఉతికి పెట్టమని మా ఆయనకు ఇచ్చి, నేను గంగాళంలో పసుపు కలిపాను.

ఆయన పాపం చాలా బాగా ఉతికాడు. పిండి తెచ్చిచ్చాడు. నేను గంగాళంలో ముంచాను. బయటికి తీసేసరికి పసుపు పచ్చగా లేదు. అక్కడక్కడా ఎర్రటి మరకలు. చూస్తుండగానే పెద్దవయ్యాయి.

బతుకమ్మ పేరుస్తున్న అత్తమ్మ తంగేడు పూలు తాంబాళంలో వదిలేసి లేచింది. "అయ్యో, నెత్తురు లెక్కున్నదేందే! అపశకునమే గిది. నా బిడ్డ రాదు. నేనప్పుడే అన్న, తెల్లబట్ట ఒద్దని."

"దేనితోని ఉతికినవ్?" అని ఆయన్ని అడిగాను.

"సబ్బుపొడి. మంచిగ రెండు చెంచాలు ఏసిన."

"జాడిచ్చినవా?"

"ఒక్కసారి."

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. పారాణి చేసే ఇళ్లలో పిల్లకు కూడా ఈ సంగతి తెలుసు, సున్నం కలిపితే ఎర్రనవుతుందని. అద్దకపు ఇంట్లో పుట్టి, ఒక్క మాట అడగకుండా బట్ట ముంచిన నన్ను అనాలి. కానీ ఆ సమయంలో ఆయన్నే అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన రిమోటు తీసి లైట్లు ఉరికించాడు, కోపం వస్తే ఆయన చేయగలిగింది అదే.

ఎరుపును మళ్లీ పసుపు చేయాలంటే పులుపు కావాలి. వంటింట్లో సద్దులకు పులిహోర చేయడానికి నానబెట్టిన చింతపండు ఉంది. సగం రసం పలచగా వడకట్టి తెచ్చాను. బట్టను మంచినీళ్లలో రెండుసార్లు జాడించి అందులో ముంచాను. అత్తమ్మ కళ్ల ముందే ఎరుపు కరిగి, కాసేపట్లో మరక లేకుండా పసుపు తేరింది. ఆమె బట్టను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పోయింది," అంది, పిల్లకు జ్వరం తగ్గితే చెప్పినట్టు.

మళ్లీ నీళ్లలో తీసి ఎండకు వేశాను. సన్నటి బట్ట, మధ్యాహ్నానికి ఆరింది. దర్వాజ పైన పట్టీగా కట్టాను. దాని మీద ఊదా తోరణం. పైన ఒక్క వరుస మామిడాకులు, వాటి నడుమ పువ్వు లేదు. దర్వాజకు రెండు పక్కలా ఏమీ కట్టలేదు, కంటికి కాస్త ఖాళీ కావాలి. ముగ్గు కడిగేసి తెల్లపిండితో మళ్లీ వేశాను, దాని చుట్టూ బంతిపూలు ఒక్క వరుస. రంగు అద్దని గునుగు పూలు రెండు ఇత్తడి చెంబుల్లో మెట్లకు అటొకటి ఇటొకటి. రోడ్డు అవతలికి వెళ్లి కళ్లు సగం మూశాను. ఊదా మొదట వచ్చింది. పసుపు దాని వెనక నిలబడింది. బంతి కింద ఎక్కడో చిన్నగా మెరిసింది. గోడ కూడా చాలాకాలం తర్వాత నోరు మూసుకుంది.

మూడు గంటలకు ఆటో ఆగింది. వదిన దిగింది. సంచి ఆటోలోనే ఉంచింది, ఆటోను పొమ్మనలేదు. రోడ్డు మీదే నిలబడి గుమ్మం వైపు చూసింది. అత్తమ్మ గడప లోపల స్తంభంలా నిలబడింది, బిడ్డా రా అనే ధైర్యం కూడా లేకపోయింది. మా ఆయన జేబులో రిమోటు గట్టిగా పట్టుకున్నాడు.

వదిన ముగ్గు తొక్కకుండా మెట్టు దాకా వచ్చింది.

"గది నాదేనా?" అంది.

"నీదే ఒదినే."

"ఒక్కటే కట్టిన్రు?"

"ఇంకోటి పక్కన ఉంటె దాని అందం పోతున్నది. అందుకే కట్టలే."

వదిన చిలుకల వైపు వేలు చూపించింది. నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. "గీ తోరణం నాకే నచ్చలే. ఆ నాడు దుకాణంల గిదొక్కటే మిగిలింది. ఆ చిలుకలు సూస్తె నాకే ఎట్లనో ఉంటది."

పొద్దుటి నుంచి పడ్డ పాటంతా కళ్ల ముందు తిరిగింది. చింతపండు రసంతో సహా.

"మరి పోయినేడు అలిగి ఎందుకు పోయినవ్ ఒదినే?" అని అడిగేశాను. అడగకూడదు, అయినా నా నోరు అట్లాంటిది.

"తోరణం గురించి గాదు," అంది. "నా పెండ్లయ్యేదాక గీ దర్వాజకు నేనే కట్టేది. ఏ పువ్వు ఏడ పెట్టాలె అని అమ్మ నన్నే అడిగేది. ఇప్పుడు చుట్టం లెక్క అచ్చి, మీరు కట్టింది చూసి పోతున్న. పండుగకు ఒక్క తోరణం తెస్త, గది గూడ ఏడ కట్టాలె అని నన్ను అడిగినోల్లు లేరు."

పోయిన సంక్రాంతికి సిరిసిల్ల వెళ్లినప్పుడు మా తమ్ముడి భార్య గుమ్మానికి కట్టిన దండ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఆమె లోపల ఉన్నప్పుడు, ఎవరూ చూడకుండా దాన్ని సరిచేశాను. దొంగతనం చేసినట్టు చేశాను. పుట్టిన ఇంట్లో.

"ఇప్పుడు అడుగుతున్న ఒదినే," అన్నాను. "మంచిగున్నదా లేదా చెప్పు."

ఆమె రెండడుగులు వెనక్కి వేసి తల వంచి చూసింది. "మొత్తం కప్పిపెట్టినవ్. ఇంత మంచిగ పసుపు అద్ది, తోరణం కింద ఏడన్న కనవడ్తుందా? నాలుగు వేళ్లు పైకి కట్టు. కింద పసుపు అంచు లెక్క రావాలె. ఆ చిలుకలు కత్తిరించి పారెయ్యి."

నిజం చెప్పాలంటే ఒళ్లు మండింది. మండింది ఎందుకంటే ఆమె చెప్పింది సరైనది. నాన్న చెప్పిన అంచు నేనే మర్చిపోయాను.

"నువ్వే కట్టు ఒదినే," అన్నాను.

కొంగు నడుముకు చెక్కి స్టూలు మెట్టు మీద పెట్టింది. మా మెట్టు పక్కన బండి ఎక్కించడానికి వాలు కట్టించాం, స్టూలు కాలు అందులోకి జారి ఊగింది. ఆమె ఇంకోసారి సర్దింది, మళ్లీ ఊగింది. "ఎవ్వలు కట్టిచ్చిన్రే గీ వాలు, తల్కాయ లేకుంట," అని మా ఆయన్ని తిట్టి, స్టూలు చంకన పెట్టుకుని, గడప దాటి, లోపల చదునుగా ఉన్న బండ మీద పెట్టి ఎక్కింది. దర్వాజ పైపట్టె పట్టుకుని బయటికి వంగి ముడి విప్పడం మొదలుపెట్టింది.

అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె ఏదో అనబోయింది. నేను వేలు పెదవుల మీద పెట్టుకుని, పోయి స్టూలు పట్టుకున్నాను. మా ఆయన చప్పుడు చేయకుండా వెళ్లి ఆటోలోంచి సంచి దించి, ఆటోను పంపేశాడు.

అత్తమ్మ కళ్ల నిండా నీళ్లు. నాకూ వచ్చాయి, కానీ అప్పుడు తుడుచుకోవడానికి నాకు చేతులు ఖాళీ లేవు, స్టూలు పట్టుకుని ఉన్నాను.

"ఏం చూస్తున్నరే అత్తకోడండ్లు," అంది వదిన పైనుంచి, "సుత్లి తాడు ఇయ్యుండ్రి."